స్లాబుకు స్టీలు: కడ్డీ పొడవు నుంచి కిలోల దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లా ఆత్మకూరులో రోడ్డు పక్కన ఒక పొడుగాటి హాలు కడుతున్నారనుకుందాం. కింద కొట్టు, పైన తర్వాత ఇల్లు. అడ్డగోడలు లేవు. స్లాబు బయట నుంచి బయటికి 4 మీటర్ల వెడల్పు, 14 మీటర్ల పొడవు. మన లెక్కలో సుమారు 13 అడుగులకు 46 అడుగులు. మందం 150 మి.మీ., అంటే ఆరంగుళాలు. రెండు పొడుగు వైపులా 230 మి.మీ. బీములు. ఇంజినీరు ఇచ్చిన డ్రాయింగులో మెయిన్ కడ్డీ 10 మి.మీ., 150 మి.మీ. దూరంలో, పొట్టి వైపుకు; డిస్ట్రిబ్యూషన్ కడ్డీ 8 మి.మీ., 200 మి.మీ. దూరంలో, పొడుగు వైపుకు. ఎం20 కాంక్రీటు, ఎఫ్‌ఈ 500 స్టీలు. కింది ప్రశ్నలన్నింటికీ ఈ ఒక్క స్లాబు మీదే లెక్క చేసి చూపిస్తాను. డిజైను జోలికి పోను. డ్రాయింగు చేతికొచ్చాక ఎంత స్టీలు కోయాలి, ఎంత కొనాలి అన్నదే ఇక్కడి సంగతి. బీముల స్టీలు ఇందులో కలపలేదు.

చదరపు అడుగుకి ఇన్ని కిలోలు అని మేస్త్రి చెప్తాడు కదా, ఈ లెక్కంతా ఎందుకు?

ఆ అంకె ఇంటి మొత్తానికి డబ్బు సర్దుకోవడానికి పనికొస్తుంది, కొట్టుకెళ్లి స్టీలు ఆర్డరు ఇవ్వడానికి పనికిరాదు. పైగా స్టీలుకు రెండు బరువులున్నాయి: స్లాబులోకి వెళ్లే బరువు ఒకటి, మీరు డబ్బు కట్టే బరువు ఇంకొకటి. ఈ హాలులో ఆ రెంటికీ తేడా వంద కిలోలు దాటుతుంది. అది ఎక్కణ్నుంచి వస్తుందో కింద కనిపిస్తుంది. చదరపు అడుగు లెక్కలో అది ఎప్పటికీ కనిపించదు.

ముందు ఎన్ని కడ్డీలో ఎలా తెలుసుకోవాలి?

మెయిన్ కడ్డీలు పొట్టి వైపుకు పడుకుంటాయి గనక, వాటిని పొడుగు వైపు వెంబడి లెక్కపెట్టుకుంటూ పోవాలి. 14,000 మి.మీ.లో రెండు చివరలా 25 మి.మీ. చొప్పున కవర్, అంటే కడ్డీని కప్పి ఉంచే కాంక్రీటు మందం, తీసేస్తే 13,950. దాన్ని 150తో భాగిస్తే 93. అవి సందులు. కడ్డీలు సందుల కంటే ఒకటి ఎక్కువ కాబట్టి 94.

డిస్ట్రిబ్యూషన్‌కు కూడా అదే పద్ధతి. 4,000లో 50 పోతే 3,950. దాన్ని 200తో భాగిస్తే 19.75. సందులు ముక్కలుగా రావు గనక పైకి సరిచేసి 20 అనుకోవాలి, కడ్డీలు 21. కిందికి సరిచేసి 19 సందులు పెడితే ఒక్కో సందు డ్రాయింగులో ఉన్నదానికంటే పెద్దదవుతుంది. అది ఒప్పుకోకూడదు.

"ఆరంగుళాలకొకటి" అంటే కడ్డీకీ కడ్డీకీ మధ్య ఖాళీయా?

కాదు. ఒక కడ్డీ నడిమి నుంచి పక్క కడ్డీ నడిమికి. పని దగ్గర జరిగే పొరపాట్లలో ఇదే ఎక్కువ. మధ్యలో 150 మి.మీ. చెక్క ముక్క పెట్టి కడ్డీలు పేర్చుకుంటూ పోతే అసలు దూరం 160 అవుతుంది. అప్పుడు 94 కాకుండా 89 కడ్డీలతోనే స్లాబు నిండిపోతుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు, అయిదు కడ్డీలు మిగిలాయని మేస్త్రి సంతోషిస్తాడు కూడా. పట్టుకోవడం తేలిక. టేపు ఒక కడ్డీ మీద పెట్టి పది సందులు లెక్కపెట్టండి, సరిగ్గా మీటరున్నర రావాలి. మీటరూ అరవై సెంటీమీటర్లు వచ్చిందంటే ఖాళీని కొలిచారన్నమాట. కట్టు వైరు వేయకముందే, సెంట్రింగ్ పలకల మీద సుద్దతో గీతలు గీయించుకుంటే ఈ గొడవే ఉండదు.

ఒక్క మెయిన్ కడ్డీ కోత పొడవు ఎంత?

డ్రాయింగులో ఈ కడ్డీ ఆకారం ఇలా ఉంది: ఒక కొస నేరుగా కింది వరసలోనే బీములోకి పోతుంది. రెండో కొస దగ్గర 45 డిగ్రీల క్రాంకుతో పైకి లేచి, పై వరసలో బీము దాకా వెళ్లి, అక్కడ 150 మి.మీ. కిందికి వంగుతుంది. పక్క కడ్డీకి ఇదే ఆకారం తిరగేసి, క్రాంకు రెండో బీము వైపు ఉంటుంది. ఒకటి ఇటు, ఒకటి అటు. అందువల్ల 94 కడ్డీలకూ కోత పొడవు ఒక్కటే.

అడ్డంగా పొడవు 4,000లో రెండు వైపులా 25 పోతే 3,950. క్రాంకు ఏటవాలుగా వెళ్తుంది కాబట్టి కొంచెం కలపాలి. ఎల్ వంపుకు 150 కలపాలి. వంచినప్పుడు కడ్డీ సాగే కొలత కొంత తీసేయాలి.

```
అడ్డం పొడవు          4000 - 25 - 25       = 3950
క్రాంకు అదనం         0.42 × 100           = + 42
ఎల్ వంపు                                  = +150
45 డిగ్రీల వంపులు 2   2 × (1 × 10)         = - 20
90 డిగ్రీల వంపు 1     1 × (2 × 10)         = - 20
కోత పొడవు                                 = 4102 మి.మీ.
```

క్రాంకులో ఆ 100 ఎక్కడిది, 0.42 ఎక్కడిది?

100 అంటే కడ్డీ నడిమి గీత ఎంత ఎత్తు లేస్తుందో అది. స్లాబు మందం 150లో కింద కవర్ 20, పైన కవర్ 20, కడ్డీ మందం 10 తీసేస్తే 100. ఇక 45 డిగ్రీల వాలులో 100 ఎత్తు లేవాలంటే 100 అడ్డంగా జరగాలి, వాలు పొడవు 141.4 అవుతుంది. ఆ అడ్డం 100ను మనం 3,950లో ఇప్పటికే లెక్కేశాం, కాబట్టి కలపాల్సింది మిగతా 41.4 మాత్రమే. అదే 0.42 రెట్లు. డ్రాయింగులో 30 డిగ్రీలుంటే 0.27 రెట్లు.

కొందరు 100 బదులు స్లాబు మందం 150 వేసుకుంటారు. కాగితం మీద దానివల్ల పెద్ద నష్టం లేదు, 94 కడ్డీలకు కలిపి కిలో పైచిలుకు తేడా. నష్టమంతా వంచే బల్ల దగ్గర ఉంది. క్రాంకు ఎత్తుగా వంచితే పై కడ్డీ కాంక్రీటులో మునగకుండా పైకి తేలుతుంది. తాపీ కర్ర లాగేటప్పుడు కడ్డీకి తగిలి టకటకమంటుంది. అప్పుడు మేస్త్రి దాన్ని కాలితో తొక్కి దించుతాడు, దాంతో కింద కవర్ బ్లాకు పగులుతుంది. మొదటి కడ్డీ వంచగానే దాన్ని నేల మీద పెట్టి, కింది అంచు నుంచి పై అంచుకు టేపు పట్టండి. ఈ స్లాబుకు 110 మి.మీ. రావాలి. 120 దాటితే మిగతావి వంచనివ్వకండి.

వంపులకు తీసేయడం నిజంగా అవసరమా? మా బార్ బెండర్ అదేమీ లేదంటాడు.

90 డిగ్రీలకు కడ్డీ మందానికి రెండింతలు, 45కు ఒకింత తీసేయడం వాడుకలో ఉన్న లెక్క. కడ్డీని చుట్టి వంచే పిన్ను లావు మారితే ఇదీ కొంచెం మారుతుంది. మన కడ్డీకి మొత్తం 40 మి.మీ. తగ్గుతోంది. 94 కడ్డీల మీద రెండు కిలోల చిల్లర, డబ్బుపరంగా పెద్దదేం కాదు. అయితే తీయకపోతే కడ్డీ 40 మి.మీ. పొడుగొచ్చి కొస షట్టరింగ్ పలకకు ఆనుకుంటుంది, పలక ఊడదీశాక బీము అంచున ఇనుప చుక్క కనిపిస్తుంది. తుప్పు మొదలయ్యేది అక్కణ్నుంచే. ఒక కడ్డీ కోసి, వంచి, దాని చోట పెట్టి చూశాక మిగతా తొంభైమూడూ కోయమనండి.

కవర్ ఎంత పెట్టాలి? సముద్రం దగ్గర ఊళ్లకు వేరేనా?

వేరే. కాంక్రీటు పనులకు మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 456 ప్రకారం తేలికపాటి వాతావరణానికి 20 మి.మీ., ఉప్పుగాలికి కొంత మరుగున్న తీరప్రాంతపు కాంక్రీటుకు 30, తీరగాలి నేరుగా తగిలే కాంక్రీటుకు 45. ఆత్మకూరు హాలు లోపలి స్లాబు కాబట్టి 20 అనుకున్నాం. అదే డ్రాయింగు పట్టుకుని మైపాడులోనో కొత్తపట్నంలోనో స్లాబు వేయకూడదు.

డ్రాయింగు అదే ఉంచి, కవర్ బ్లాకులు మాత్రం పెద్దవి పెడితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఈ 150 మి.మీ. స్లాబులో కవర్ 20 ఉన్నప్పుడు పై అంచు నుంచి మెయిన్ కడ్డీ నడిమికి 125 మి.మీ. లోతుంది, బలమంతా ఆ లోతులోనే ఉంది. కవర్ 45 చేస్తే ఆ లోతు 100కు పడిపోతుంది. క్రాంకు లేవడానికి 50 మి.మీ. మాత్రమే మిగులుతుంది. స్టీలు లెక్కలో కిలోలు కొంచెం తగ్గినట్టు కనిపిస్తుంది కానీ స్లాబు బలహీనమైపోతుంది. తీరంలో కవర్ మారితే మందం, కాంక్రీటు రకం, కడ్డీల దూరం అన్నీ ఇంజినీరు మళ్లీ చూడాల్సిందే.

రెండు కడ్డీలు కలిసేచోట ఒకదాని మీద ఒకటి వేసే ల్యాపు ఎంత? కడ్డీ మందానికి 40 రెట్లా, 50 రెట్లా?

ఎం20 కాంక్రీటులో ఎఫ్‌ఈ 500 కడ్డీకి కోడ్ లెక్క ప్రకారం దాదాపు 57 రెట్లు వస్తుంది. ఎం25 వేస్తే 49 రెట్ల దాకా తగ్గుతుంది. 47 రెట్లు అన్నది ఎఫ్‌ఈ 415 కాలపు అంకె, స్టీలు మారినా నోళ్లలో అలాగే మిగిలిపోయింది. కొట్టువాడు ఎఫ్‌ఈ 550 ఇస్తే, దాని పూర్తి బలం వాడుకునే డిజైనులో ల్యాపు ఇంకా పెరిగి 62 రెట్లవుతుంది.

మన స్లాబులో ల్యాపు అవసరమయ్యేది 8 మి.మీ. కడ్డీలకే, ఎందుకంటే హాలు పొడవు 14 మీటర్లు, కడ్డీ వచ్చేది 12 మీటర్లు. 57 ఎనిమిదులు 456 మి.మీ. దీన్ని 400కు కుదిస్తే మిగిలేదెంతో తెలుసా? మొత్తం స్లాబుకు అర కిలో పైన కొంచెం. ఆ అర కిలో కోసం వాదించే మేస్త్రిని నేను చాలాసార్లు చూశాను.

డిస్ట్రిబ్యూషన్ కడ్డీల పొడవు, సంఖ్య?

కింది వరసలో 21 అని చూశాం. పైకి లేచిన క్రాంకు కడ్డీలను పట్టి ఉంచడానికి డ్రాయింగులో ఒక్కో బీము వైపు 4 చొప్పున ఇంకో 8 ఉన్నాయి. మొత్తం 29 వరసలు. ఒక్కో వరస 13,950కి ల్యాపు 456 కలిపితే 14,406 మి.మీ. అంటే 12 మీటర్ల కడ్డీ ఒకటి, 2,406 మి.మీ. ముక్క ఒకటి.

ఇక్కడ చిన్న తమాషా ఉంది. 12 మీటర్ల కడ్డీలో 2,406 మి.మీ. ముక్కలు నాలుగే వస్తాయి. అయిదు కావాలంటే 12,030 ఉండాలి, 30 మి.మీ. తక్కువ పడింది. చివరి కవర్ 25 బదులు 28 చేస్తే వరస 6 మి.మీ. తగ్గి ముక్క సరిగ్గా 2,400 అవుతుంది, అయిదూ వస్తాయి, మిగులు లేదు. ల్యాపు ముట్టుకోలేదు, కవర్ పెరిగిందే గానీ తగ్గలేదు. 29 ముక్కలకు నాలుగేసి చొప్పున 8 కడ్డీలు కావాల్సింది, అయిదేసి చొప్పున 6తో అయిపోయింది. 29 నిండు కడ్డీలు, 6 కోసేవి, మొత్తం 35.

పొట్టి ముక్కను ఒక వరసలో ఎడమ కొసన, పక్క వరసలో కుడి కొసన వేయించండి. అన్ని ల్యాపులూ ఒకే గీత మీద పడితే స్లాబు అక్కడే చీలే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు బరువు?

కడ్డీ మందాన్ని మందంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. స్టీలు ఘనపు మీటరుకు 7,850 కిలోలు తూగుతుంది, దాన్నే గుండ్రటి కడ్డీకి కుదించిన లెక్క ఇది.

```
d × d ÷ 162
 8 మి.మీ. :  64 ÷ 162 = 0.395 కిలో/మీటరు
10 మి.మీ. : 100 ÷ 162 = 0.617 కిలో/మీటరు
```

మెయిన్: 94 కడ్డీలు, ఒక్కోటి 4.102 మీటర్లు, మొత్తం 385.6 మీటర్లు, 237.9 కిలోలు. డిస్ట్రిబ్యూషన్: 29 వరసలు, ఒక్కోటి 14.4 మీటర్లు, మొత్తం 417.6 మీటర్లు, 165 కిలోలు. రెండూ కలిపి 403 కిలోల దగ్గర. స్లాబులోకి వెళ్లేది ఇంతే.

అయితే 403 కిలోలు కొంటే సరిపోతుందా?

సరిపోదు. కొట్టులో మీటర్లు అమ్మరు, 12 మీటర్ల కడ్డీలు అమ్ముతారు. 12 మీటర్లలో 4.102 మీటర్ల ముక్కలు రెండే వస్తాయి. మూడో దానికి 306 మి.మీ. తక్కువ. 94 కావాలంటే 47 కడ్డీలు కొనాలి: 564 మీటర్లు, 348 కిలోలు. ఒక్కో కడ్డీకి 3.796 మీటర్ల ముక్క మిగులుతుంది. అలాంటివి 47, బరువు 110 కిలోలు. 8 మి.మీ. 35 కడ్డీలకు 166 కిలోలు. మొత్తం కొనేది 514. పని దగ్గర స్టీలు మాయమైందని యజమానికీ మేస్త్రికీ మాటలు పెరిగే సందర్భాలు కొన్ని ఇవే. ఎవరూ దొంగిలించలేదు, ముక్కలన్నీ గోడ పక్కన పడున్నాయి.

దీనికి మామూలుగా కలిపే మూడు శాతం, అయిదు శాతం తరుగు ఏ మూలకూ రాదు. ఇక్కడ తరుగు 46 శాతం. కోత పొడవు 12ను ఎలా భాగిస్తుందో చూడకుండా శాతం వేయడం దండగ. 4 మీటర్లకు ఒక్క మి.మీ. లోపలున్నా మూడు ముక్కలు, దాటితే రెండే.

మరి ఆ 47 ముక్కలను ఏం చేయాలి?

మొదట ఇంజినీరును ఒక్క ప్రశ్న అడగండి: "సార్, ప్రతి మూడో కడ్డీని క్రాంకు, వంపు లేకుండా నేరుగా 3.79 మీటర్లు వేస్తే ఒప్పుకుంటారా?" అది నడిమికి వేస్తే రెండు వైపులా బీములోకి సుమారు 125 మి.మీ. వెళ్తుంది. మిగతా రెండు కడ్డీలు పూర్తి ఆకారంతో ఉంటాయి. పై వరసలో కడ్డీలు కొన్ని తగ్గుతాయి, బీములోకి వెళ్లే పొడవు కూడా తగ్గుతుంది, కాబట్టి ఇది ఆయన లెక్క చూసి చెప్పాల్సిన మాటే, సైటులో తేల్చేది కాదు. ఒప్పుకుంటే ఒక్కో 12 మీటర్ల కడ్డీలో మూడూ వస్తాయి. 94కు 32 కడ్డీలు చాలు. 15 కడ్డీలు, 111 కిలోలు ఆదా.

ఒప్పుకోకపోతే ఆ ముక్కలకు చోటు ముందే వెతకాలి. కిటికీల మీద లింటెళ్లు, మెట్లు, సన్‌షేడ్లు, ఎక్కడైతే 10 మి.మీ. ఉందో అక్కడ ఈ ముక్కల పొడవుకు సరిపోయేవి ఏరి, ఆ పనికి కొత్త స్టీలు రాయకండి. పై వరసను మోసే కుర్చీలు కూడా వీటితోనే వంచుకోవచ్చు. చేయకూడనిది ఒకటుంది: ముక్కలను హాలు నడిమిలో ల్యాపు వేసి మెయిన్ కడ్డీగా వాడటం. స్లాబు ఎక్కువగా లాగేది అక్కడే.

ఇంకా పునాదుల్లోనే ఉన్నవాళ్లకు ఒక మాట. వెడల్పు బయటికి 3.89 మీటర్లు పెట్టుకుని ఉంటే ఇదే ఆకారానికి కోత పొడవు 3.992 వచ్చేది, 12లో మూడు ముక్కలు పడేవి. హాలు నాలుగంగుళాలు తగ్గితే వంద కిలోల ముక్కలు మిగలవు.

కట్టు వైరు?

టన్నుకు ఎనిమిది నుంచి పది కిలోలు. ఈ స్లాబుకు నాలుగు కిలోలు చాలు.

కాటా మీద బరువు లెక్కకు సరిపోలేదు. మోసమా?

వెంటనే ఆ మాట అనకండి. స్టీలు కడ్డీల కోడ్ ఐఎస్ 1786 ప్రకారం 10 మి.మీ. దాకా కడ్డీల లాటు బరువు నికర లెక్కకు 7 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. మన 47 కడ్డీలు 348 కిలోలకు బదులు 324 తూగినా కోడ్‌లోనే ఉన్నట్టు. అందుకే ఎలా కొంటున్నారో ముందే తేల్చుకోండి. కాటా బరువు మీద కొంటే తేలిక కడ్డీ వచ్చినా మీకు కడ్డీల సంఖ్య ఎక్కువొస్తుంది. కడ్డీల సంఖ్య లెక్కపెట్టి, పట్టికలోని బరువుతో గుణించి బిల్లు వేస్తే ఆ తేడా కొట్టువాడి జేబులోకి పోతుంది.

అనుమానముంటే లాటులోంచి ఒక కడ్డీ తీసి, కొసల తుప్పు వదిలేసి, సరిగ్గా ఒక మీటరు కోయించి బంగారం కొట్టులాంటి సన్న కాటా మీద తూచండి. 10 మి.మీ. ముక్క 617 గ్రాములుండాలి. విడి ముక్కకు 8 శాతం దాకా తక్కువ ఒప్పుకుంటారు, అంటే 568 గ్రాములు. అంతకంటే కిందికి పోతే ఇంకో రెండు మూడు కడ్డీల్లోంచి ఒక్కో ముక్క కోసి చూడండి. అన్నీ అలాగే ఉంటే లారీ దించకండి. కడ్డీలు 12 మీటర్లే ఉన్నాయో లేదో కూడా దించకముందే చూడాలి. నడిమికి మడిచి తెస్తారు కాబట్టి రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, ఒక్కటి విప్పించి టేపు పట్టండి. 11.9 మీటర్లే వచ్చిందంటే 2,400 మి.మీ. ముక్కలు అయిదు రావు, పైన చేసిన 8 మి.మీ. లెక్క మళ్లీ నాలుగు ముక్కలకు దిగుతుంది.